ఆ ‘లేదు’ టిక్కు మీరు పెట్టకండి: పాలసీలు ఇప్పించేవారికి బహిరంగ లేఖ

ఆరోగ్య బీమా, జీవిత బీమా ఏజెంట్లకు, బ్యాంకుల్లో కూర్చుని పాలసీలు ఇప్పించే ఉద్యోగులకు, ఫోన్లో ప్రపోజల్ పూర్తి చేయించే టెలికాలర్లకు,

నమస్కారం.

తిరస్కరించిన క్లెయిముల ఫైళ్లు చదవడం, వాటి మీద కంపెనీలకూ అంబుడ్స్‌మన్‌కూ ఫిర్యాదులు రాసిపెట్టడం మా పని. ‘ముఖ్యమైన విషయాన్ని దాచారు’ అని కారణం రాసి తిప్పికొట్టిన ఫైలు చేతికి వస్తే మేం ముందు తీసేది ప్రపోజల్ ఫారం. అందులో తరచూ కనిపించేది ఒకటే. ఆరోగ్యం గురించి అడిగిన ప్రశ్నలన్నిటికీ పైనుంచి కింది దాకా ఒకే చేత్తో పెట్టిన ‘లేదు’ టిక్కులు ఉంటాయి, కింద సంతకం మాత్రం వేరే చేతిది. ఆన్‌లైన్ ఫారమైతే సంతకం స్థానంలో ఓటీపీ నమోదై ఉంటుంది. ఆ టిక్కులు ఎవరు పెట్టారో మీకూ తెలుసు, మాకూ తెలుసు. అందుకే ఈ ఉత్తరం కంపెనీలకు కాకుండా మీకు రాస్తున్నాం.

మీలో ఎక్కువమంది ఎవరినీ మోసం చేయాలని అలా చేయరని మేం నమ్ముతున్నాం. ‘బీపీ రాస్తే మెడికల్ టెస్టులు అడుగుతారు, ప్రీమియం పెంచుతారు, ఆలస్యమవుతుంది, ఈలోగా పార్టీ మనసు మార్చుకుంటాడు’ అన్నది మీ భయం. ‘అయినా మందులతో కంట్రోల్లోనే ఉంది కదా’ అన్నది మీరు చెప్పుకునే సమాధానం. ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో ఒక కేసు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఫైళ్లలో మళ్లీ మళ్లీ కనిపించే క్రమం.

48 ఏళ్ల మనిషి. 2018లో బీపీ ఉందని తేలింది. అప్పటినుంచి రోజూ పొద్దున టెల్మీసార్టాన్ 40 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకుంటున్నాడు. 2021లో రక్తపరీక్ష చేయిస్తే షుగరు స్థాయి చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. డాక్టరు మందు రాయకుండా తిండి తగ్గించి నడవమన్నాడు. 2023 ఆగస్టులో భార్యనూ కలిపి 5 లక్షల ఫ్లోటర్ పాలసీ తీసుకున్నాడు. ‘జబ్బులేమీ లేవుగా?’ అని అడిగితే ‘ఏమీ లేవండీ, బానే ఉన్నా’ అన్నాడు. అన్నిటికీ ‘లేదు’ పడింది. 2025 జనవరిలో ఛాతీ నొప్పితో ఆసుపత్రిలో చేరాడు. యాంజియోగ్రామ్ తీసి ఒక స్టెంటు వేశారు. బిల్లు 2,60,000 రూపాయలు.

అసలు విషయం బయటపడింది క్యాజువాలిటీలో. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు ‘బీపీ, షుగరు ఉన్నాయా? ఎప్పట్నుంచి? ఏం మందులు?’ అని అడుగుతాడు. భార్య ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, చెప్పి తీరాలి కూడా. ఇచ్చే మందు దాన్ని బట్టే ఉంటుంది. ఆయన కేస్ షీటు మొదటి పేజీలో ‘బీపీ 7 సంవత్సరాలుగా, మందులు వాడుతున్నారు’ అని రాస్తాడు. అదే వాక్యం డిశ్చార్జి సమ్మరీలో ‘గత ఆరోగ్య చరిత్ర’ కింద టైపవుతుంది. క్యాష్‌లెస్ కోసం ఆసుపత్రి పంపే ఫారంలో కూడా బీపీ, షుగరు, గుండె జబ్బు ఎన్నాళ్లుగా ఉన్నాయో నింపే గడులు ఉంటాయి. వాటిని ఆసుపత్రి బీమా డెస్కు నింపుతుంది.

ఆ ఫారం చూసే బీమా కంపెనీ ఉద్యోగి ముందు రెండు తేదీలుంటాయి. పాలసీ మొదలైంది 2023లో, బీపీ మొదలైంది 2018లో. ప్రపోజల్లో బీపీకి ఎదురుగా ‘లేదు’. వెంటనే క్వెరీ వెళుతుంది: మొదటిసారి చూపించుకున్న చీటీ, పాత మందుల చీటీలు, జబ్బు ఎన్నాళ్లుగా ఉందో చికిత్స చేసిన డాక్టరు రాసిన ధ్రువపత్రం పంపండి అని. అవసరమనుకుంటే విచారణకు మనిషిని పంపుతారు. ఆయన ఆసుపత్రి లోపలి కేస్ పేపర్లు అడుగుతాడు, ఇంటి దగ్గరి క్లినిక్కుకూ ల్యాబుకూ వెళతాడు. 2021 నాటి ల్యాబు రిపోర్టు బయటపడేది ఇలాంటప్పుడే. చివరికి క్యాష్‌లెస్ నిరాకరణ, డబ్బు కట్టి రీయింబర్స్‌మెంటుకు పెట్టుకుంటే తిరస్కరణ లేఖ, ఆ వెనకే పాలసీ రద్దు నోటీసు. ముఖ్యమైన విషయం దాస్తే పాలసీ చెల్లదనీ, కట్టిన ప్రీమియం తిరిగి రాదనీ పాలసీ షరతుల్లోనే ఉంటుంది. ఫ్లోటర్ కాబట్టి ఏ తప్పూ చేయని భార్య రక్షణ కూడా దాంతోపాటు ప్రమాదంలో పడుతుంది. తర్వాత ఏ కంపెనీకి వెళ్లినా ఫారంలో ‘గతంలో ఏదైనా బీమా కంపెనీ మీ పాలసీని రద్దు చేసిందా?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. అప్పటికి ఆయన స్టెంటు ఉన్న మనిషి.

ఇప్పుడు అదే మనిషి 2023లో నిజం రాసి ఉంటే ఏమయ్యేదో చూద్దాం. ఇక్కడ ఒక నిజాన్ని దాచకుండా చెప్పుకోవాలి. బీపీ రాసినంత మాత్రాన 2025 జనవరి స్టెంటు బిల్లు తప్పకుండా వచ్చేదని చెప్పలేం. ముందే ఉన్న జబ్బులకు కంపెనీ 36 నెలల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టవచ్చు. 2024 ఏప్రిల్‌కు ముందు ఈ గరిష్ఠ గడువు 48 నెలలు ఉండేది. 2023 ఆగస్టు పాలసీకి 36 నెలల వెయిటింగ్ ఉందనుకుంటే అది 2026 ఆగస్టుతో తీరుతుంది. ఈలోగా వచ్చిన గుండె క్లెయిము బీపీ వల్లే వచ్చిందని కంపెనీ అనవచ్చు. కానీ అప్పుడు వాదించడానికి చోటు ఉండేది. గుండె రక్తనాళాలు పూడుకుపోవడానికి పొగ, కొలెస్ట్రాల్, వంశం, వయసు ఇలా చాలా కారణాలుంటాయి. ఇది బీపీ వల్లే వచ్చిందని చెప్పాల్సిన బరువు కంపెనీ మీద పడేది. ఒకవేళ ఆ ఒక్క క్లెయిము పోయినా పాలసీ బతికి ఉండేది. మరుసటి నెల డెంగీ వచ్చినా, రోడ్డు మీద కాలు విరిగినా, భార్యకు ఆపరేషన్ అవసరమైనా దాని షరతుల ప్రకారం డబ్బు వచ్చేది. 2027లో మళ్లీ గుండెకు ఏదైనా వస్తే బీపీ అన్న మాట అడ్డం వచ్చేది కాదు. అదనపు ప్రీమియం తీసుకుని ముందే ఉన్న జబ్బుల వెయిటింగును తగ్గించే పాలసీలు, రైడర్లు కూడా మార్కెట్లో ఉన్నాయి. జబ్బు రాయని మనిషికి వాటి గురించి మీరు చెప్పనే చెప్పలేరు.

అంటే ఏటా కొంత ప్రీమియం, మూడేళ్ల నిరీక్షణ తప్పించడానికి పెట్టిన టిక్కు మొత్తం పాలసీనే తీసుకుపోయింది.

ఇంకో అపోహ మీలో బాగా పాతుకుపోయింది. ‘ముందే ఉన్న జబ్బు అంటే గత 36 నెలల్లో తేలినదో, చికిత్స తీసుకున్నదో మాత్రమే, అంతకు ముందుది రాయక్కర్లేదు’ అంటుంటారు. 36 నెలల నిర్వచనం నిజమే. కానీ అది ఏ జబ్బుకు వెయిటింగ్ వర్తిస్తుందో తేల్చడానికి. ఫారంలో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి అది కొలత కాదు. ప్రశ్నలో ‘ఎప్పుడైనా’ అని ఉంటే 15 ఏళ్ల కిందటి టీబీ కూడా రాయాలి. ‘గత 5 సంవత్సరాల్లో’ అని ఉంటే 5 సంవత్సరాలు చూడాలి. ‘ప్రస్తుతం’ అని ఉంటే ఈ రోజు సంగతి చెప్పాలి. ఒకే ఫారంలో ఈ మూడు రకాలూ పక్కపక్కనే ఉంటాయి, హడావిడిలో చదివితే అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. అందుకే ప్రతి ప్రశ్నలోనూ ముందు కాలాన్ని చెప్పే మాట దగ్గర వేలు పెట్టి చదవండి.

‘కంపెనీ వాళ్లే మెడికల్ టెస్టు చేయించారు కదా, అప్పుడు తెలియలేదా?’ అని కుటుంబాలు అడుగుతాయి. మాత్ర వేసుకుని వెళ్లిన రోజు బీపీ మామూలుగానే ఉంటుంది. కదలకుండా పడుకుని తీసిన ఈసీజీలో చాలా పూడికలు కనబడవు. టెస్టు ఆ రోజు ఒంటి పరిస్థితి చూపిస్తుంది, ప్రశ్న గతాన్ని అడుగుతుంది. ఒకటి ఉందని రెండోది వదిలేయడానికి లేదు.

కోర్టులు ఏమన్నాయో కూడా మీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే రెండు వైపులా మాట ఉంది. మూత్రపిండాల జబ్బు, షుగరు ఉన్నా ఆరోగ్యంగా ఉన్నానని రాసిన ఒక మెడిక్లెయిమ్ కేసులో 2009లో సుప్రీంకోర్టు కంపెనీ వైపు తీర్పు ఇచ్చింది. జాగ్రత్త గల బీమా కంపెనీ పాలసీ ఇవ్వాలా, ఎంత ప్రీమియం తీసుకోవాలా అన్న నిర్ణయాన్ని మార్చగల ప్రతి విషయమూ ముఖ్యమైనదేనని చెప్పింది. చదవకుండా, అర్థం చేసుకోకుండా సంతకం పెట్టానని చెప్పి తప్పించుకోలేరని 2019లో ఇంకో కేసులో స్పష్టం చేసింది. మరోవైపు 2021లో, అడిగిన ప్రశ్నలను బట్టే చెప్పాల్సిన బాధ్యత ఉంటుందనీ, గడి ఖాళీగా ఉన్నా కంపెనీ అడగకుండా ప్రీమియం తీసుకుని పాలసీ ఇస్తే తర్వాత దాచారని అనడానికి వీల్లేదనీ చెప్పింది. దాచారని నిరూపించే భారం కంపెనీదేనని 2024లో ఒక జీవిత బీమా కేసులో తేల్చింది. ఇవన్నీ కలిపి చూస్తే ‘లేదు’ అని టిక్ పెట్టి సంతకం చేసిన వాళ్ల పరిస్థితే అందరికంటే కష్టం. అడిగారు, అబద్ధం చెప్పారు, కాగితం మీద ఉంది. ఖాళీ గడికి కోర్టు రక్షణ ఉందని కావాలని ఖాళీగా వదలడమూ సరికాదు. ఆ వాదన గెలవడానికి ఏళ్లు పడుతుంది, ఆసుపత్రి బిల్లు అదే రోజు కట్టాలి.

ఇక ఫారం ఎలా నింపించాలో చెబుతాం. అందులో మొదటి మార్పు మీరు అడిగే ప్రశ్నలోనే రావాలి.

‘జబ్బులేమైనా ఉన్నాయా?’ అని అడగొద్దు. మన ఇళ్లలో బీపీ, షుగరు, థైరాయిడ్‌ను చాలామంది జబ్బులుగా లెక్కపెట్టరు. మంచాన పడితేనే జబ్బు. మందు వేసుకుంటూ పనికి వెళుతున్నవాడు నిజాయితీగానే ‘ఏమీ లేవు’ అంటాడు. దాని బదులు ‘రోజూ వేసుకునే మాత్రలు ఏమున్నాయి? ఆ డబ్బా ఇటు తీసుకురండి’ అనండి. స్ట్రిప్పుల వెనక పేర్లు చదివితే సగం ఫారం నిండినట్టే. తర్వాత ఇలా అడగండి: ‘ఎప్పుడైనా ఆసుపత్రిలో రాత్రి పడుకున్నారా? ఆపరేషన్ ఏదైనా జరిగిందా, కాన్పు సిజేరియనా? స్కానింగు, ఎకో, ఎండోస్కోపీ లాంటివి చేయించారా? డాక్టరు చేయించమన్నా చేయించనివి ఏమైనా ఉన్నాయా? వేసుకుంటూ మధ్యలో మానేసిన మందులున్నాయా?’ ఈ చివరి రెండూ చాలా అవసరం. ‘ట్రెడ్‌మిల్ టెస్టు రాశారు, వెళ్లలేదు’ అన్నది కూడా చెప్పాల్సిన విషయమే. సలహా ఇచ్చారా అని ఫారం అడుగుతుంది, చేయించుకున్నారా అని మాత్రమే కాదు. మందు మానేసినంత మాత్రాన ‘ఎప్పుడైనా తేలిందా’ అన్న ప్రశ్నకు జవాబు మారదు.

ఈ ప్రశ్నలు ఇంట్లో ఎవరి గురించైతే వాళ్లనే అడగండి. భార్య ఆరోగ్యం గురించి భర్త, తల్లి ఆరోగ్యం గురించి కొడుకు చెప్పిన ఫారాల్లో తప్పులు ఎక్కువ. గర్భసంచి ఆపరేషన్, మూర్ఛ, మానసిక సమస్యకు వాడిన మందు లాంటివి అందరి ముందూ చెప్పరు. వాళ్లతో విడిగా మాట్లాడే వీలు కల్పించండి, లేదా ఆ పేజీ వాళ్ల చేతికే ఇవ్వండి.

‘ఉంది’ అని టిక్ పెట్టాక వివరాల గడిలో ‘బీపీ ఉంది’ అని రెండు మాటలు రాసి వదలొద్దు. అండర్‌రైటర్‌కు నాలుగు సంగతులు కావాలి. ఏం జబ్బు, ఎప్పుడు తేలింది, ఏం చికిత్స జరుగుతోంది, ఇప్పుడు పరిస్థితి ఏమిటి. పైన చెప్పుకున్న మనిషి జవాబు ఇలా ఉండాలి:

‘బీపీ 2018లో తేలింది. టెల్మీసార్టాన్ 40 మిల్లీగ్రాములు రోజుకు ఒకటి, నేటికీ వాడుతున్నాను. ఆసుపత్రిలో చేరలేదు. చివరిగా చూపించుకున్నది 2023 జూన్, 130/84. షుగరు నిర్ధారణ కాలేదు. 2021లో హెచ్‌బీఏ1సీ 6.2, డాక్టరు ఆహార నియమం చెప్పారు, మందులు లేవు. రిపోర్టు జత చేశాను.’

ఇందులో రెండో భాగం చూడండి. 5.7 నుంచి 6.4 దాకా వస్తే షుగరుకు ముందు దశ అంటారు, 6.5 గానీ అంతకు మించి గానీ వస్తే షుగరు. 6.2 వచ్చిన మనిషి ‘షుగరు ఉంది’ అని రాస్తే అది నిజం కాదు. ‘లేదు’ అని ఊరుకుంటే అసాధారణ రిపోర్టు దాచినట్టవుతుంది. ఇలాంటి సరిహద్దు సంగతుల్లో పేరు పెట్టకుండా అంకె, తేదీ, డాక్టరు అన్న మాట రాసేయండి. అది జబ్బు అవునో కాదో తేల్చడం అండర్‌రైటర్ పని. తెలియని జబ్బును ఎవరూ రాయలేరు, రాయలేదని తప్పు పట్టనూ లేరు. తెలిసిన అంకెను రాయకపోవడమే సమస్య. ఎప్పుడో వచ్చిపోయిన జలుబు, జ్వరం ఏకరువు పెట్టక్కర్లేదు. అడిగిన కాలంలో వాటి కోసం ఆసుపత్రిలో చేరి ఉంటే మాత్రం రాయాలి.

తేదీ గుర్తులేకపోతే ఊహించి కచ్చితమైన నెల రాయొద్దు. ‘సుమారు 2018’ అని రాయండి. ఐదారు జబ్బులు ఒకే ప్రశ్నలో గుచ్చి ఒకే గడి ఇస్తే ‘ఉంది’ అని పెట్టి, అందులో ఏది ఉందో, ఏది లేదో వివరంలో విడదీయండి. ఆన్‌లైన్ ఫారంలో వివరాల గడి చిన్నదైతే, పాలసీ రాకముందే ప్రపోజల్ నంబరు వేసి కంపెనీ అధికారిక ఈమెయిల్‌కు పూర్తి వివరం పంపమని చెప్పండి. మెయిల్ వెళ్లాల్సింది వాళ్ల ఐడీ నుంచి, మీ ఫోన్ నుంచి కాదు. వాట్సాప్‌లో మీకు పెట్టిన మెసేజి కంపెనీ ఫైల్లోకి తనంతట తాను చేరదు.

తర్వాత వచ్చే వెరిఫికేషన్ కాల్ గురించి ఒక మాట. ‘డాక్టరు ఫోన్ చేస్తారు, అన్నిటికీ నో చెప్పేయండి’ అని దయచేసి చెప్పకండి. ఆ కాల్ రికార్డవుతుంది, తిరస్కరణ ఫైల్లో కంపెనీకి అది గట్టి సాక్ష్యమవుతుంది. అదే రికార్డు పాలసీదారుడికీ పనికొస్తుంది. ఫారంలో పొరపాటు పడి ఉంటే ‘ఫారంలో బీపీ లేదని పడింది, నాకు 2018 నుంచి ఉంది, సరిచేయండి’ అని ఆ కాల్‌లో చెప్పించండి. కాల్ జరిగిన తేదీ, సమయం రాసి పెట్టుకోమనండి.

పాలసీ డాక్యుమెంటుతో పాటు ప్రపోజల్ ఫారం కాపీ రావాలి. అది వచ్చిన రోజు కుటుంబంతో కూర్చుని ఆ ఒక్క పేజీ చదివించండి. నచ్చకపోతే పాలసీ వెనక్కి ఇచ్చే ఫ్రీ లుక్ గడువు 30 రోజులు, తప్పు సరిదిద్దుకోవడానికి అంతకంటే తేలికైన సమయం ఉండదు. ఆ గడువు దాటాక బయటపడినా కంపెనీకి రాసి సవరణ అడగడమే దారి. కంపెనీ ప్రీమియం పెంచవచ్చు, వెయిటింగ్ పెట్టవచ్చు, రద్దు చేసే అవకాశం కూడా ఉంది. ఆ సంగతి దాచకుండా చెప్పండి. అయినా ఒంట్లో బాగున్నప్పుడు వచ్చే రద్దు నోటీసు వేరు, ఐసీయూ బయట కూర్చున్నప్పుడు వచ్చేది వేరు. మొదటిది వచ్చినవాళ్లకు ఇంకో పాలసీ వెతుక్కునే సమయం ఉంటుంది.

‘ఐదేళ్లు గడిస్తే ఏమీ చేయలేరు’ అని మీలో కొందరు ధైర్యం చెబుతున్నారు. ఆరోగ్య బీమాలో వరుసగా 60 నెలలు పాలసీ నడిస్తే, ఆ తర్వాత చెప్పలేదన్న కారణంతో క్లెయిమును ప్రశ్నించకూడదన్న నిబంధన 2024 నుంచి ఉంది. దాన్నే మొరటోరియం అంటారు. అంతకు ముందు అది 8 ఏళ్లు. కానీ నిరూపితమైన మోసానికి ఆ రక్షణ లేదు. బీమా మొత్తం 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచితే, పెంచిన 5 లక్షలకు లెక్క పెంచిన రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. జీవిత బీమాలో బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఆ గడువు 3 సంవత్సరాలు. అది దాటితే ఏ కారణంతోనూ పాలసీని ప్రశ్నించలేరు. మూడేళ్ల లోపు మోసం కాని దాపరికం కింద పాలసీ రద్దు చేస్తే కట్టిన ప్రీమియంను 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఇక్కడ మీరు చెప్పడం మరిచిపోయేది ల్యాప్స్ అయిన పాలసీ రివైవల్ గురించి. రివైవ్ చేసిన రోజు నుంచి ఆ మూడేళ్లు మళ్లీ లెక్కిస్తారు. రివైవల్‌తో పాటు పెట్టించే ఆరోగ్య డిక్లరేషన్ కొత్త ప్రపోజల్ లాంటిదే. పదేళ్ల పాలసీ కదా అని అందులో చూడకుండా సంతకం పెట్టిస్తే పదేళ్ల రక్షణ పోయినట్టే. పోర్టబిలిటీలోనూ ఇంతే. వెయిటింగ్ కాలం కొత్త కంపెనీకి కలిసి వస్తుంది, ఆరోగ్య ప్రశ్నలకు మాత్రం ఆ రోజుకు ఉన్న నిజం కొత్తగా రాయాలి.

నిజం రాసినా క్లెయిము తిరస్కరణ వచ్చే సందర్భం ఒకటుంది, అక్కడ కుటుంబానికి మీ అవసరం ఉంటుంది. పాలసీ తర్వాత ఏడాదికి షుగరు తేలింది. క్యాజువాలిటీలో కంగారులో కొడుకు ‘చాలా ఏళ్లుగా ఉందండీ’ అంటాడు, కేస్ షీటులో ‘10 ఏళ్లుగా’ అని పడుతుంది. ఆ ఒక్క అంకె మీద క్లెయిము పోతుంది. ఆసుపత్రిలో చేరినప్పుడు ఏ జబ్బు ఏ సంవత్సరం తేలిందో ఒక చీటీ మీద రాసి చూపించమని ముందే చెప్పి ఉంచండి. డిశ్చార్జికి ముందే సమ్మరీ డ్రాఫ్టు అడిగి ‘గత ఆరోగ్య చరిత్ర’ చదవమనండి. తప్పు ఉంటే మొదటిసారి జబ్బు తేలిన చీటీ, ల్యాబు రిపోర్టు చూపించి చికిత్స చేసిన డాక్టరు చేత రాతపూర్వకంగా సరిచేయించుకోవాలి. నిజంగానే పదేళ్లుగా ఉంటే మాత్రం మార్చమని డాక్టరును అడగొద్దు. కేస్ షీటులో మొదటి రాత అలాగే ఉంటుంది, తర్వాత మార్చినది మోసానికి రుజువుగా మారుతుంది.

తిరస్కరణ లేఖ చేతికి వస్తే అందులో ఏ షరతు కింద, ఏ రికార్డు చూసి తిరస్కరించారో చూడండి. ఆరోగ్య బీమా క్లెయిమును కంపెనీ తన క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదన్న నిబంధన 2024 నుంచి ఉంది, అది జరిగిందో లేదో అడగవచ్చు. ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయాలి. జవాబు సంతృప్తిగా లేకపోయినా, అసలు రాకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. 50 లక్షల రూపాయల దాకా ఫిర్యాదులు తీసుకుంటారు, రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకు హైదరాబాద్ కార్యాలయం ఉంది. ఫిర్యాదుతో ప్రపోజల్ కాపీ, తిరస్కరణ లేఖ, డిశ్చార్జి సమ్మరీ, జబ్బు మొదటిసారి తేలిన కాగితం జతచేయాలి.

అక్కడ తరచూ వినిపించే వాదన ‘ఏజెంటుకు చెప్పాం, ఆయనే రాయలేదు’ అన్నది. 45వ సెక్షన్ వివరణలో పాలసీ కోసం మాట్లాడి కుదిర్చిన వ్యక్తిని కంపెనీ ఏజెంటుగానే చూడాలని ఉంది. ఆ మాట కుటుంబానికి కొంత బలం ఇస్తుంది. కానీ ‘చెప్పాం’ అన్నదానికి రుజువు కావాలి. ఆ రుజువు చాలాసార్లు మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది. మీకు నిజంగా చెప్పి ఉంటే, మీరు రాయకుండా వదిలేసి ఉంటే, ఆ మాట సంతకం పెట్టి రాసివ్వండి. కంపెనీ మీ మీద చర్య తీసుకోవచ్చు, లైసెన్సుకు ఇబ్బంది రావచ్చు. అది తెలిసే అడుగుతున్నాం, ఎందుకంటే ఆ ఒక్క కాగితం లేక ఫైలు అక్కడితో ఆగిపోతోంది.

ఇకపై నింపే ప్రతి ఫారంలోనూ ఆరోగ్య ప్రశ్నల పేజీ పాలసీదారుడి చేత్తోనే నింపించండి. రాయడం రానివాళ్లకైతే ఒక్కో ప్రశ్నా తెలుగులో చదివి వినిపించి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి, ఫారంలో ఉండే భాషా డిక్లరేషన్‌లో మీ పేరుతో సంతకం పెట్టండి. ఓటీపీ అడిగే ముందు స్క్రీన్ వాళ్ల వైపు తిప్పి జవాబులన్నీ చూపించండి. నింపిన పేజీ ఫొటో అప్పుడే వాళ్ల ఫోన్లో తీయించండి.

ఇట్లు,
తిరస్కరణ ఫైళ్లు చదివే పనిలో ఉన్న మేము